గంటకు రెండణాలు

మన్యంలో సంత జరిగే ఆ ఊరికి మా వారు బడిపంతులుగా వచ్చినప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. మా నాన్న విజయనగరంలో ఒక బట్టల కొట్లో గుమాస్తా. మగపిల్లలు లేకపోవడంతో, తనకు తోచని సాయంత్రాలలో పద్దులు రాయడం నాకే నేర్పాడు. ఆ చదువు నాకు ఎందుకూ పనికిరాదని మా అమ్మ చాలా బాధపడింది.

కొండమీది ఆ ఊళ్లో అది పనికొచ్చింది. కింద నుంచి వచ్చి కొట్లు పెట్టిన ముగ్గురికి లెక్కలు రాసే మనిషి లేడు. పూర్తికాలం గుమాస్తాను పెట్టుకునేంత వ్యాపారమూ లేదు. ఉప్పు, కిరసనాయిలు అమ్మే షావుకారు, బట్టల కొట్టాయన, నూనె, బెల్లం అమ్మే మామ్మ, ముగ్గురూ తలా మూడు రూపాయలు నెలకు ఇచ్చేట్టు ఒప్పుకున్నారు. వారానికోసారి అమ్మకాల, అరువుల చీటీల సంచి మా ఇంటికి వచ్చేది. నేను వాటిని తేదీల వారీగా చిట్టాలో ఎక్కించి, ఆ తరువాత ఎవరి ఖాతాలోకి వాళ్లది ఆవర్జాలో దించి, నెలాఖరుకు నిల్వ తేల్చి ఇచ్చేదాన్ని.

రెండేళ్లు బాగానే జరిగింది. ఆషాఢంలో వానలు పట్టి కొండెక్కే ఘాటీ దారి పాడైంది. సంత పలచబడింది. ఆ నెల మూడు రూపాయలు ఇవ్వడానికి వచ్చిన షావుకారు వాటిని చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

“పంతులమ్మగోరూ, ఈ నెల మా సంచిలో ఎన్ని సీటీలున్నాయేటి?”

“పద్దెనిమిది.”

“పద్దెనిమిది సీటీలకి మూడు రూపాయలా! పట్నంలో మా బావమరిది సెప్పినాడు. అక్కడ గంటల లెక్కన ఇత్తన్నారట. సేసినంత పనికే డబ్బు. మనవూ అలాగే సేద్దారి. గంటకి రెండణాలు.”

దారి మూసుకున్న నెలల్లో కూడా నేను ఆయన పని కోసమే సిద్ధంగా ఉంటున్నానని, పని ఎక్కువైన నెలల్లో ఎక్కువ అడగలేదని చెప్పాలనుకున్నాను. కాని, సరే అన్నాను. రోషం కాబోలు. బట్టల కొట్టాయన వారం తిరగకుండా అదే మాటతో వచ్చాడు. మామ్మ మాత్రం ఒప్పుకోలేదు.

“గంటలు నాకు తెల్దే గుంటా. నెలంటే సెందురుడు కనపడతాడు, అది తెలుసు. నీ మూడు నీకిచ్చెత్తాను.”

బడి మా వీధి అరుగుమీదే నడిచేది కనుక బడి గడియారం మా ఇంట్లోనే ఉండేది. ఒక నోటుబుక్కు కుట్టుకుని, ఎప్పుడు కూర్చున్నాను, ఎప్పుడు లేచాను, మధ్యలో ఏం చేశాను అని రాసుకున్నాను. మొదటి నెల ఆరు గంటలు. పన్నెండణాలు. షావుకారు మొహం వెలిగిపోయింది. నాలుగు వానాకాలపు నెలలకూ కలిపి ఆయన నాకిచ్చింది మూడున్నర రూపాయలు. మా ఇంట్లో నెయ్యి మానేశాం.

అప్పుడే నాలో ఒక దొంగ పుట్టింది. నా చెయ్యి వేగం. మా నాన్న దగ్గర నేర్చిన వేగం. నెల జీతం రోజుల్లో బేగి ముగిస్తే మిగిలిన పొద్దు నాదయ్యేది. ఇప్పుడు బేగి ముగిస్తే రెండణాలు పోయేవి. ఒకరోజు గీతల కర్ర పెట్టి, అవసరం లేని అడ్డగీతలు ఎంతో అందంగా గీస్తూ దొరికిపోయాను, నాకే. ఆ అరగంటను నోటుబుక్కులో గీత పెట్టి కొట్టేశాను. ఎవరూ చూడలేదు కాని, చాలా సిగ్గేసింది. మామ్మ సంచి వచ్చినప్పుడు మాత్రం తెగ వేగం పుట్టుకొచ్చేది.

మామ్మకూ తెలివి తక్కువేం లేదు. నెల డబ్బు ఇస్తున్నాను కదా అని అల్లుడికి ఉత్తరం రాయించేది, ఆడపడుచుకి జవాబు రాయించేది, ఆ జవాబుకి వచ్చిన తిట్లు చదివించుకునేది. ఒకసారి కోళ్లు లెక్కపెట్టమని పిలిచింది.

కార్తికం దాటాక దారి బాగుపడింది. కొండవాళ్లు సామలూ చోళ్లూ పసుపూ దించారు. ఉప్పుకీ కిరసనాయిలుకీ అరువులు, అరువులకి సరుకు జమలు. సంచి బదులు గోనె వచ్చింది. పుష్యమాసం లెక్క యాభై రెండు గంటలు. ఆరున్నర రూపాయలు.

షావుకారు నోటుబుక్కు అటూ ఇటూ తిప్పాడు. “ఇదేటిది? ‘చిరిగిన చీటీలు అతికించుట, గంటన్నర’?”

“మీ ఇంట్లో ఎలకలు కొట్టిన చీటీలండి.”

“ఎలకలు కొడితే నాను డబ్బులివ్వాలా?”

“ఎలకలు నావి కావు కదండీ.”

ఆయన గడియారం కేసి చూశాడు. అది పరిగెడుతోందని ఆయన అనుమానం. ఆ పూటే ఒక కొండమనిషి పసుపు బుట్టతో ఆయన అరుగుమీద పొద్దుటి నుంచి కూర్చుని ఉన్నాడు, తూకానికి. ఆ గంటలు ఏ పుస్తకంలోనూ లేవు. చిట్టా రాసేది నేనే కనుక నాకు తెలుసు.

ఆ తరువాత షావుకారు నన్ను ఏమీ అడగడం మానేశాడు. నోరు తెరిస్తే రెండణాలని భయం. ఎదురుపడితే తల ఊపి వెళ్లిపోయేవాడు. మాఘంలో మాడుగుల ఉప్పు వ్యాపారికి బాకీ ఉందో లేదో ఒక్క మాట అడిగి ఉంటే, ముందే చెల్లిపోయిందని చెప్పేదాన్ని. అడగలేదు. నలభై రూపాయలు రెండోసారి పంపించేశాడు. నెలాఖరుకు ఆవర్జాలో అది కనిపించింది. వాటిని వెనక్కి రప్పించడానికి ఉత్తరాలు రాశాను, ఓ గంటన్నర. మూడణాలు. ఆ మూడణాలు ఇచ్చేటప్పుడు ఆయన మొహం చూడలేకపోయాను.

చింతపండు రోజులు మొదలవుతుండగా వచ్చి కూర్చున్నాడు.

“నెలకి మూడే బాగుంది పంతులమ్మగోరూ. అలాగే సేద్దారి.”

“ఎప్పటినుంచి?”

“ఈ నెల్నుంచే.”

“మళ్లీ ఆషాఢం వస్తే?”

ఆయన పైకప్పు చూశాడు. “అప్పుడు మళ్లీ సూద్దారి.”

నాకు నవ్వొచ్చింది. పని పడే నెలలకు నెల జీతం, వానలకు గంటల జీతం. తొమ్మిది నెలల నోటుబుక్కు తీసి ఆయన ముందే కూడిక వేశాను. అంతా కలిపి ఇరవై ఆరు రూపాయల పద్నాలుగణాలు. నెలకు మూడు చొప్పున ఇచ్చి ఉంటే ఇరవై ఏడు.

“రెండణాలు మిగిలినాయన్నమాట,” అన్నాడు ఆయన, కాస్త గర్వంగానే.

నేను కాగితం తీసి రాశాను. ఏడాది పొడుగునా నెలకు మూడున్నర. అందులో చిట్టా, ఆవర్జా, నెలాఖరు నిల్వ, రెండు వ్యాపారపు ఉత్తరాలు. సందేహం ఎప్పుడైనా అడగవచ్చు, దానికి డబ్బు లేదు. పాత బాకీలు తవ్వడం, ఎలకల పని, మిగతా ఉత్తరాలు మాత్రం గంటకు రెండణాలు. ఆయన మూడుంబావు అన్నాడు. నేను గడియారం వైపు చూశాను. మూడున్నరకే సంతకం పెట్టాడు. బట్టల కొట్టాయన కాగితం చదవకుండానే పెట్టేశాడు, షావుకారు పెట్టాడు కనుక.

న్యాయంగా అదే కాగితం మామ్మకూ చూపించాలి కదా. మూడు రూపాయలే ఉంచి, చదివి వినిపించాను. అల్లుడి ఉత్తరాలు గంటల కిందకు వస్తాయన్న చోట ఆవిడ కళ్లెర్రబడ్డాయి.

“నమ్మి నెలకి ఇచ్చినదాన్ని నానొక్కర్తినే. నాకూ గంటలెట్టీసినావేటే?”

ఆవిడ ఎనిమిది రోజులు ఏ ఉత్తరమూ పంపలేదు. తొమ్మిదోనాడు ఆడపడుచు దగ్గర్నుంచి వచ్చిన కవరు, దానిమీద రెండణాలు పెట్టి పంపింది. వాళ్లింటికి వెళ్లి చదివి వినిపిస్తే అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. మిగిలిన గంటా ఆవిడ అరుగుమీద కూర్చుని, ఆ ఆడపడుచును ఆవిడతో కలిసి తిట్టి వచ్చాను.