రోడ్డుకు వదిలిన మూడడుగులు

మా ఇంటి ప్లాన్ అప్రూవల్ వచ్చిన రోజు మావయ్య గారు రేపల్లె నుంచి ప్యాసింజర్ బండిలో వచ్చి, ఆ కాగితాల్లో మొదటి పేజీ తీసుకెళ్లి లామినేషన్ చేయించారు. మిగిలిన నాలుగు పేజీలు, మడత పెట్టిన డ్రాయింగు బీరువాలో చీరల కింద పెట్టేశాం. మంజూరైంది అన్న మాట మొదటి పేజీలోనే ఉంది కదా, ఇంకేం కావాలి అనుకున్నాం అందరం. బాపట్లలో ఉద్యోగం చేసే మా ఆయన దాన్ని ఫోన్లో ఫోటో తీసుకుని బ్యాంకుకు పంపారు. అంతటితో ఆ ఉత్తరం పని అయిపోయింది.

కట్టబోయే ఇల్లు మాత్రం వేరే కాగితం మీద ఉంది. మావయ్య గారు ముప్పై ఏళ్లు లెక్కల మాస్టారు. తెనాలిలో స్థలం రిజిస్ట్రేషన్ అయిన వారం నుంచీ గళ్ల నోటుపుస్తకంలో గడికి ఒక అడుగు చొప్పున ఇల్లు గీస్తూనే ఉన్నారు. ముప్పై అడుగుల ముఖం, యాభై నాలుగు అడుగుల పొడవు, నూట ఎనభై గజాలు. అందులో ముందు వైపు పది అడుగుల గది ఆయనది. అక్కడ రెండు బెంచీలు, గోడకు నల్లబల్ల, సాయంత్రం వీధిలో పిల్లలకు లెక్కలు. రిటైరయ్యాక రేపల్లెలో అద్దె ఇంటి వరండాలో చెబుతున్నారు, వాన వస్తే పిల్లలు వెళ్లిపోతారు. ఆ గది కోసమే ఆయన తెనాలి రావడానికి ఒప్పుకున్నారని అత్తయ్య గారు ఎప్పుడూ అనేవారు.

మేస్త్రి గారికి ఇంజనీరు గీసిన డ్రాయింగు కంటే ఆ గళ్ల పుస్తకమే నచ్చింది. ఆఫీసుకు ఒక ప్లాను, సైటుకు ఒక ప్లాను ఉండటం ఆయనకు మామూలే. శనివారం పొద్దున పాస్టరు గారు వచ్చి పునాది ప్రార్థన చేస్తారని, గురువారమే సున్నంతో ముగ్గు పోశారు. నేను పాపను చంకనేసుకుని వెళ్లి చూశాను. తెల్లటి గీతల మధ్య మావయ్య గారు అటూ ఇటూ నడుస్తూ, "ఇది తలుపమ్మా, ఇక్కడ చెప్పులు విప్పాలి" అని చూపించారు. లేని గడప దగ్గర నేను నిజంగానే చెప్పులు విప్పాను.

నాకు భయం ఎక్కువ. పాప పుట్టాక మందు సీసాల మీద చిన్న అక్షరాలు కూడా చదివేదాకా నిద్ర పట్టదు. ఆ సాయంత్రం పాప పడుకున్నప్పుడు బీరువాలోంచి ఆ నాలుగు పేజీలు తీశాను. ఇంగ్లీషులో షరతులు వరుసగా ఉన్నాయి. మంజూరు ప్లాను కాపీ సైటులో కనిపించేలా పెట్టాలి. ఇసుక, కంకర రోడ్డు మీద పోయకూడదు. ఇంకుడు గుంత తవ్వాలి. ఖాళీగా వదలాల్సిన చోట మెట్లు గానీ గది గానీ కట్టకూడదు. కట్టాక ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చేదాకా కాపురం ఉండకూడదు. అవన్నీ చదివి తలూపుకుంటూ పోయాను.

స్థలం కొలతల పట్టిక దగ్గర ఆగాను. దస్తావేజు ప్రకారం ఒక అంకె, దాని కింద నికర విస్తీర్ణం అని ఇంకో అంకె, అది తక్కువ. చదరపు మీటర్లను గజాల్లోకి మార్చి చూస్తే పది గజాలు లేవు. ఎవరో కాజేశారన్నంత గాభరా పడ్డాను. డ్రాయింగు మంచం మీద పరిచి చూస్తే ముందు వైపు ఏటవాలు గీతలతో ఒక సన్నని పట్టీ కనిపించింది. మా వీధి ఇప్పుడు ఇరవై నాలుగు అడుగులు. దాన్ని ముప్పై చేస్తారని అందులో రాసి ఉంది. మా వైపు నుంచి మూడడుగులు రోడ్డుకు ఉచితంగా వదలాలి, ముందు ఖాళీని ఆ కొత్త అంచు నుంచే కొలవాలి. ముందు ఒకటిన్నర మీటరు, అంటే దాదాపు ఐదడుగులు, మిగతా మూడు వైపులా ఒక్కో మీటరు. కింద అంతస్తులో ఎన్ని చదరపు మీటర్లు కట్టొచ్చో కూడా రాసి ఉంది.

మేస్త్రి గారు ఇప్పటి సరిహద్దు నుంచి ఐదడుగులు వదిలి ముగ్గు పోశారు. అంటే మూడడుగులు ముందుకొచ్చాం. గళ్ల పుస్తకంలోని ఇంటిని లెక్క కట్టి చూస్తే మంజూరైనదాని కంటే ఏడు చదరపు మీటర్లు ఎక్కువ. ఆ ఏడూ ఎక్కడున్నాయో నాకు తెలుసు. బెంచీలు వేసే గదిలో.

మేస్త్రి గారికి ఫోన్ చేశాను. పది శాతం దాకా తేడా ఉన్నా ఆఫీసు వాళ్లు పట్టించుకోరనీ, ఆ వీధిలో ఎవరూ రోడ్డుకు చోటు వదల్లేదనీ, చదువుకున్న వాళ్లతో ఇదే చిక్కనీ చెప్పి నవ్వారు. శుక్రవారం పొద్దున పాపతో వార్డు సచివాలయానికి వెళ్లాను. ప్లానింగ్ సెక్రటరీ నా వయసు అమ్మాయే. డ్రాయింగు చూసి, మీ మేస్త్రి చెప్పిన పది శాతం పక్కలకూ వెనక వైపుకేనండి అంది. ముందు వైపుకు అది లేదు, రోడ్డుకు వదలాల్సిన చోట అయితే మెట్టు కూడా వేయకూడదు, వేస్తే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ రాదు.

"ఇప్పుడైతే సున్నమే కదక్కా, చెరిపితే పోతుంది," అంది ఆ అమ్మాయి, పాప బుగ్గ గిల్లుతూ. "పిల్లర్లు లేచాక వచ్చేవాళ్లే ఎక్కువ."

చెప్పడం కష్టమైంది. మధ్యాహ్నం సైటు దగ్గర మావయ్య గారు గొడుగు వేసుకుని నిలబడి ఉన్నారు. కాగితాలు చేతికిచ్చి, మీ గదిలో మూడడుగులు పోతాయి మావయ్య గారూ, వంటగది తగ్గిద్దాం, మా గది తగ్గిద్దాం అని ఏదేదో అన్నాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని పట్టిక మొత్తం చదివారు. చూపుడు వేలితో ఒక్కో అంకె మీదా ఆగారు.

"ప్రశ్న పూర్తిగా చదవకుండా జవాబు రాయొద్దని ఎంతమంది చెవులు మెలేశానో," అన్నారు. "నేనేమో మొదటి పేజీకి లామినేషన్ చేయించాను."

మేస్త్రి గారు దగ్గరకొచ్చి, "మాస్టారూ, నా పూచీ. ఎవరూ రారు," అన్నారు.

"రారేమో. పిల్లలు వస్తారు కదా. వాళ్లకి కొలతలు చెబుతూ, నేను కూర్చున్న చోటు కొలత తప్పైతే ఎట్టాగయ్యా?"

ఏడడుగుల గదిలో రెండు బెంచీలు పట్టవని మావయ్య గారికీ నాకూ తెలుసు. పాప ఆయన గొడుగు పట్టుకుని లాగుతుంటే వదిలేశారు. చివరికి గళ్ల పుస్తకం తీసి, తన గదికీ హాలుకూ మధ్య గోడను పెన్సిలుతో కొట్టేశారు. సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా హాలు బడి, ఆ తర్వాత ఇల్లు. లోపలి గోడే కాబట్టి ఇంజనీరు గారికి చెప్పి ప్లానులోనూ సరిచేయిద్దామన్నారు.

ఫోన్ స్పీకర్లో పెట్టి అత్తయ్య గారికి చెబితే, "మరి నా సీరియలు?" అన్నారు.

"ఎక్కాలు వింటూ చూడు. నీకూ వస్తాయి," అన్నారు మావయ్య గారు.

"మీ దగ్గర ముప్పై ఏళ్లలో రానివి ఇప్పుడొస్తాయా?" అని పెట్టేశారావిడ. నవ్వుతూనే పెట్టేశారని నాకు వినిపించింది.

పాత గీతల మీద మట్టి చల్లి, మీటర్ల టేపుతో మావయ్య గారే దగ్గరుండి కొత్త ముగ్గు పోయించారు. మేస్త్రి గారు గొణిగారు గానీ దారం మాత్రం బిగించి పట్టారు.

శనివారం బాపట్ల నుంచి మా ఆయన, భట్టిప్రోలు నుంచి చుట్టాలు, వీధిలో వాళ్లు కలిసి పాతికమంది దాకా వచ్చారు. పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టబోతుంటే సగంమంది రోడ్డుకు వదిలిన పట్టీ మీదే నిలబడ్డారు. మావయ్య గారు తలకు కట్టుకున్న తువ్వాలు తీసి, క్లాసులో చివరి బెంచీకి వినిపించే గొంతుతో అన్నారు.

"మీరంతా రోడ్డు మీద ఉన్నారండీ. రండి, ఇంట్లోకి రండి."

అందరూ సున్నపు గీత దాటి లోపలికి వచ్చారు. హాల్లో చోటు సరిపోయింది.