పెన్ను అమ్మే ముందు అడగాల్సిన మాట

తమ్ముడి బిడ్డకు నేను ఒక మాట కావాలనే చెప్పలేదు. డిగ్రీ అయ్యాక ఆమె, నా కొడుకు జగిత్యాలలో ఒకే సేల్స్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్లారు. సిరిసిల్లలో చీరలు అమ్మేవాణ్ణి కాబట్టి ఇద్దరికీ నేనే నేర్పాను. పెన్ను చేతికిచ్చి అమ్మమంటారని ఇద్దరికీ చెప్పాను. ముందు ఎదుటివాడి అవసరం అడగాలని మాత్రం కొడుక్కే చెప్పాను. ఉద్యోగం వాడికే వచ్చింది.

ఆమెను మరో కంపెనీ పిలిచిందని తెలిసి, ఈసారి దాచకూడదని కోరుట్లలో వాళ్లింటికి వెళ్లాను. పెన్ను ఇచ్చి అమ్మమన్నాను.

"మస్తు సాఫీగ రాస్తది పెద్దబాపు, ధర సుత తక్కువ."

"ఆగు. పెండ్లి ఎవలిదో అడగకుంట దుకాణంల మనం చీర మడత విప్పుతమా?"

ఆమె ఆలోచించి మళ్లీ మొదలుపెట్టింది. "రోజు ఏం రాస్తవు?"

"బిల్లులు. కార్బన్ కింది కాపీకి అక్షరం దిగుతలేదు."

"గీ బాల్ పెన్ను గట్టిగ ఒత్తి రాయొచ్చు, కిందికి సుత దిగుతది. రెండు ఇయ్యమంటవా?"

"ఇయ్యి" అన్నాను.

ఆమె పెన్ను ఇవ్వలేదు. "గిట్ల అడగాలని అన్నకు అప్పుడే చెప్పినవా?"

"చెప్పిన. నీకు దాచిపెట్టిన. తప్పు నాదే బిడ్డ, నన్ను మాఫ్ చెయ్యి."