కోటుకు రెండో గుండీ

మా కాలంలో ఆడపిల్లకు సంబంధం వచ్చిందంటే ముందు ఫోటో వచ్చేది. దాని వెంట పెళ్లిళ్ల పేరయ్య నోరు వచ్చేది. వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్లి చేయాలన్న మాటను ఆయన అక్షరాలా పాటించేవాడు. ఫోటో చూసిన పిల్లకు ఎన్ని సందేహాలున్నా, ఒక్కటి కూడా అడిగే హక్కు లేదు. నా పెళ్లికొడుకు ఫోటోలో ఆయన కళ్లు సగం మూసుకుని ఉన్నాయి. ఎందుకలా దిగాడో అడగాలని నాకు నాలుక దురదగా ఉండేది. పెళ్లయ్యి నెలలు గడిచాక అడిగితే, ఫోటోగ్రాఫర్ తిడుతుంటే భయమేసిందని చెప్పాడు. మంచి మనిషి. కాలం చేసి చాలా ఏళ్లయింది.

ఇప్పుడు నాకు అరవై దగ్గర పడుతుండగా, మొదటి మాట నువ్వే రాయాలంటూ తోడు వెతికే యాప్ ఒకటి నా చేతికొచ్చింది. పెట్టించింది మా అన్న బిడ్డ. మా కుటుంబ స్టూడియోను ఇప్పుడు అదే నడుపుతుంది. నేను పొద్దంతా అక్కడే కూర్చుని పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరించి కవర్లలో పెడతాను. మా అన్న పక్కనే కుర్చీలో కూర్చుని అందరికీ సలహాలిస్తాడు. సాయంత్రం షట్టర్ దించి ఇంటికి పోతే, ఈ రోజు ఇట్లా జరిగిందని చెప్పుకోవడానికి ఎవరూ ఉండరు. నాకు కావలసింది అంతే. పెళ్లీ గిళ్లీ కాదు, చెప్పుకునే మనిషి.

ఆ యాప్‌లో ఇద్దరూ ఒకరినొకరు ఇష్టపడితేనే జత కుదురుతుంది. కుదిరాక ఆడవాళ్లే ముందు రాయాలి. అదీ ఒక్క రోజులోపల. లేకపోతే జత మాయమైపోతుంది. రాశాక జవాబివ్వడానికి మగవాళ్లకూ ఒక రోజే గడువు. అప్పటికే రెండు మూడు జతలకు నేను "నమస్కారం, బాగున్నారా" అని పెట్టాను. ఒకాయన "బాగున్నాను" అని ఊరుకున్నాడు. మిగతావాళ్లు అదీ లేదు. ఈసారి కూడా ఇంతే అయితే తీసిపారేస్తానని అన్న బిడ్డకు తెగేసి చెప్పాను. ఉత్తమాట కాదు, నాకు నిజంగానే విసుగొచ్చింది.

అప్పుడు కుదిరింది ఈయన జత. సాయంత్రం కుదిరితే తెల్లారి దుకాణం తెరిచాక చూసుకున్నాను. ఫోటో చుట్టూ ఉన్న పసుప్పచ్చ గీత సగానికి పైగా అరిగిపోయింది. గడువు కరుగుతున్న కొద్దీ ఆ గీత తగ్గుతుందట.

ఆయన తన గురించి ఒక్క ముక్క రాయలేదు. ఏం చదివాడు, ఏం పని చేస్తాడు, ఇంట్లో ఎవరున్నారు, అన్నీ ఖాళీ. వయసు, ఎంత దూరంలో ఉన్నాడన్నది యాప్ చెబుతుంది. పక్కన నీలం టిక్కు ఉంది. యాప్ అడిగినప్పుడు కెమెరా ముందు మొహం పెట్టి తానేనని రుజువు చేసుకున్నవాళ్లకు అది ఇస్తారు. మిగిలింది ఐదు ఫోటోలు. ఒకదాంట్లో ఖిలా వరంగల్ రాళ్ల మధ్య నిలబడ్డాడు, టోపీ నీడలో మొహం సగమే కనిపిస్తుంది. ఇంకోదాంట్లో గంజు గిన్నెలో కాలుతున్న సర్వపిండి రొట్టె. మూడోది ఏదో పెళ్లిలో నలుగురు మగవాళ్లు, అందులో ఈయనెవరో చేతి గడియారాన్ని బట్టి పోల్చుకోవాలి. నాలుగోది పాత బ్లాక్ అండ్ వైట్ ఫోటోను సెల్‌ఫోన్‌తో తీసింది, దాని మీద ట్యూబ్‌లైట్ వెలుగు తెల్లగా పడింది. ఐదోది ఉత్త స్కూటర్.

"అత్తా, బయో లేదంటే ఫేకన్నయితది, లేకుంటే బద్దకస్తుడన్నయితడు" అంది అన్న బిడ్డ.

"టిక్కుంది గదా బిడ్డా."

"టిక్కుంటే మనిషి నిజమేనని అర్థం. మంచోడని గాదు."

అది నిజమే. అయినా ఆ స్కూటర్ ఫోటో నాకు నచ్చింది. తన గురించి చెప్పమంటే స్కూటర్‌ను చూపించే మనిషి ఎలాంటివాడో తెలుసుకోవాలనిపించింది.

నేను మొదట అలవాటు ప్రకారం "నమస్కారం, బాగున్నారా" అని కొట్టాను. అన్న బిడ్డ నా చెయ్యి పట్టుకుంది.

"గది పంపితే ఆయన గూడ బాగున్న అంటడు. ఆడికే ఒడిసె. ముచ్చట ముంగటికి పోవాలె గదా."

సరేనని అది తుడిపేసి, మీదే ఊరు, ఏం చేసేవారు, పిల్లలెంతమంది, ఒంటరిగా ఉంటారా, ఎందుకేమీ రాయలేదు అని వరసగా అడిగాను.

"జనాభా లెక్కలకు అచ్చినవా అత్తా? ఏం రాయనోన్ని ఎందుకు రాయలేదని అడిగితే సిగ్గుపడి పారిపోతడు."

మూడోసారి, మీరు ఫోటోలో బాగున్నారని రాశాను. రాస్తుండగా నాకే నవ్వొచ్చింది. టోపీ నీడలో సగం మొహం చూసి బాగున్నారనడమేమిటి. దానికీ తల అడ్డంగా ఊపింది అన్న బిడ్డ. అందచందాల జోలికి పోవద్దంది. "ఆయన రాయలేదు, కనీ ఐదు ఫోటోలు ఏరి పెట్టిండు గదా. అండ్ల ఒకదాన్ని పట్టుకో. నువ్వేం జూసినవో చెప్పు, నీదొక ముక్క చెప్పు, ఒక్కటే అడుగు. అవును, కాదు అని తప్పించుకునేటట్టు అడగకు. ఫోన్ నంబరు మాత్రం ఇయ్యకు."

సర్వపిండిని పట్టుకుందామనుకున్నాను. మధ్యలో చిల్లులు పెట్టిన తీరు చూస్తే చెయ్యి తిరిగినవాళ్లే చేశారు. కానీ ఎవరు చేశారని అడిగితే "మా కోడలు" అంటాడు, అక్కడితో ఆగిపోతుంది. ఇలా ఒక్కో ఫోటో దాటుకుంటూ నాలుగోదాని దగ్గరికి వచ్చాను.

అందులో ఒక యువకుడు కోటు తొడుక్కుని నిటారుగా నిలబడ్డాడు. వెనక చెరువు, మెట్లు గీసిన పరదా. నేను అద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. స్క్రీన్‌షాట్ తీసి పెద్దది చెయ్యమన్నాను. మసకమసకగానే అయినా కనిపించింది. కోటు రెండో గుండీ మిగతావాటికన్నా పెద్దది, కొంచెం తెల్లగా ఉంది.

అది నేను కుట్టిన గుండీ.

ఎనభైల్లో మా అన్న హనుమకొండ చౌరస్తా పక్కన ఒక సందులో స్టూడియో పెట్టాడు. నేను అప్పుడు పెళ్లి కాని పిల్లను, వెనక గదిలో పని. ఎర్ర బల్బు కింద అన్న ఫోటోలు కడిగితే, ఆరినవాటికి నేను అంచులు కత్తిరించేదాన్ని. ఫిలిం ఆరేయడానికి తీగ మీద కట్టె క్లిప్పులుండేవి. స్టూడియోకు ఒకే ఒక్క నల్లకోటు. పెళ్లిచూపుల కోసం ఫోటో దిగడానికి వర్ధన్నపేట నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన ప్రతి పిల్లగాడూ అదే తొడుక్కునేవాడు. బక్కపలచటివాళ్లకు అది సంచిలా వేలాడేది. అన్న తీగ మీది క్లిప్పులు తీసి వీపు దగ్గర బిగించి పెట్టేవాడు. ముందు నుంచి చూస్తే దొరబిడ్డ, వెనక నుంచి చూస్తే బట్టలారేసిన దండెం. ఎవరూ వెనక నుంచి ఫోటో తీయరు కాబట్టి గుట్టు బయటపడలేదు.

ఒకసారి రెండో గుండీ ఊడిపోతే, అలాంటిది బజారులో దొరకక అమ్మ పాత స్వెటర్‌ది తీసి కుట్టాను. అన్నకు తెలియలేదు, పెళ్లిళ్ల పేరయ్యకూ తెలియలేదు. ఆ తరవాత అంచులు కత్తిరించిన ప్రతి పెళ్లికొడుకు రొమ్ము మీదా నా గుండీయే. ఎంతమంది ఆడపిల్లలు దాన్ని చూసి ఒప్పుకున్నారోనని గర్వపడేదాన్ని. అన్న మాత్రం "క్లిప్పులు తగ్గుతున్నయ్, యాడ పారేస్తున్నవే" అని రోజూ నన్నే అరిచేవాడు. ఆ మాట ఇప్పటికీ వదలడు.

ఇదంతా చెప్పేసరికి అన్న బిడ్డ కళ్లు మెరిశాయి. వెంటనే ఫికరు కూడా పట్టుకుంది. "గది రాస్తే మన స్టూడియో తెలిసిపోతది గదా."

"పాత సందుల స్టూడియో ఎప్పుడో తీసేసినం. అడ్రసేం ఇస్తలేను."

నా భయం వేరే. అది కిరాయి కోటని నాకు తెలుసని చెప్పడం ఒకవిధంగా ఆయన పరదా లాగేయడమే. తన గురించి ఒక్క మాట రాయలేని మనిషి, వయసులో ఉన్నప్పటి ఫోటో ఒక్కటి ధైర్యం చేసి పెట్టాడు. దాన్ని పట్టుకుని వెక్కిరిస్తున్నాననుకుంటే? మంచి మనిషైనా చిన్నబుచ్చుకుని జత తీసేస్తాడు. దుకాణం పనుల మధ్య రాసి తుడిపేసరికి మధ్యాహ్నం దాటింది, పసుప్పచ్చ గీత చూస్తే గోరంత మిగిలింది. ఈ వయసులో ఇదేం ఖర్మరా అనిపించింది. అయినా ఇన్నేళ్లకు మొదటిసారి ఫోటోలోని మనిషిని అడిగే వంతు నాకొచ్చింది. భయపడి నమస్కారం పెట్టి ఊరుకోవడానికి మనసొప్పలేదు.

ఇట్లా రాశాను: "నమస్కారం. మీ పాత ఫోటోలో కోటుకు రెండో గుండీ జర పెద్దగున్నది. అది కుట్టింది నేనే. వెనక గదిలో ఫోటోలు కత్తిరించే పిల్లను. ఆ కోటు ఎవరికీ సరిపోయేది కాదు. మీకు వీపున ఎన్ని క్లిప్పులు పెట్టిండ్రు?"

అన్న బిడ్డ రెండుసార్లు చదివి, ఒక్క అక్షరం మార్చకుండా పంపు అంది. పంపాను.

తరవాత పాస్‌పోర్టు ఫోటోల కోసం ఒక కుటుంబం వచ్చింది. వాళ్ల పిల్లవాడు కదలకుండా ఒక్క క్షణం నిలబడడు. వాడితో వేగుతుండగా ఫోన్ మోగింది. చూడకుండా ఊరుకున్నాను. వాళ్లు వెళ్లాక కూడా కాసేపు చూడలేదు. చివరికి అన్న బిడ్డే ఫోన్ తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"నాలుగు పెట్టిండ్రమ్మా," అని రాశాడాయన. "కోటు విప్పినప్పుడు మూడే తీసుకున్నరు. ఒకటి అంగీకి పట్టుకొని నా ఎంట ఊరికొచ్చింది. బస్సుల పక్కాయన జెప్పేదాంక నాకు తెల్వది. వాపసు ఇద్దామని అచ్చేసరికి దుకాణం లేదు. పారెయ్య మనసు రాలే, ఇప్పటికీ స్కూటర్ డిక్కీల ఉన్నది. ఈడ నా గురించి ఏం రాయాల్నో తెల్వక ఏం రాయలే. మీరు అడిగినందుకు మంచిగనిపించింది."

కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోవాలనిపించలేదు. ఫోన్ పట్టుకుని మా అన్న కుర్చీ దగ్గరికి పోయి గట్టిగా చదివి వినిపించాను. క్లిప్పు నేను పారేయలేదని ఇన్నాళ్లకు సాక్ష్యం దొరికిందన్నాను.

అన్న శ్రద్ధగా విన్నాడు. వేళ్లు మడిచి లెక్కేశాడు.

"గది ఒక్కటే గదా. తక్కినయేవి?"

ఆయనతో వాదన పెట్టుకోకుండా నా స్టూలు మీదికొచ్చి కూర్చున్నాను. పసుప్పచ్చ గీత పోయింది. జవాబు వచ్చాక ఇక గడువుండదట. రెండో మాట రాయడానికి అన్న బిడ్డ సాయం అడగలేదు. "మా అన్న ఇంకా ఆ క్లిప్పుల లెక్క మీదనే ఉన్నడు. స్కూటర్ ఇంకా నడుస్తదా?" అని కొట్టి పంపాను.