కళ్ళు మూసుకుంటే కనిపించినవాళ్ళు

ఇరవై రెండేళ్ళ క్రితం ఆ సంస్థ గుమ్మం పక్కన హాజరు పుస్తకం ముందేసుకుని కూర్చున్న గుమాస్తాగా ఆమె ఉద్యోగజీవితం మొదలైంది. నేడు మూడువందల మంది బాగోగులు చూసే సిబ్బంది విభాగానికి ఆమె అధికారిణి. ఒకసారి చూసిన ముఖాన్ని మరచిపోనన్నది ఆమె గర్వం. ఏటా పనితీరు మార్కులు ఖరారు చేసే సమావేశంలో ఎవరి విషయమైనా తేలకపోతే, అందరూ ఆమెవైపు తిరిగేవారు. ఆమె కళ్ళు మూసుకునేది. ముఖం మనసులో మెదిలితే "చొరవగల మనిషి" అనేది. మెదలకపోతే "ఏమో, పెద్దగా కనిపించరు" అనేది. అంతటితో మొగ్గు తేలిపోయేది.

ఇందులో ఆమెను మాత్రమే తప్పుపట్టలేం. తరగతిలో ముందు బల్లమీది పిల్లవాడి పేరు ఉపాధ్యాయుడి నోటికి తొలివారంలోనే వస్తుంది. కిటికీ పక్కన చివరి బల్లమీది పిల్లవాడి పేరు ఏడాది చివర, చక్కని దస్తూరీతో నిండిన జవాబుపత్రం చేతికొచ్చాక గాని రాదు. అప్పటికి బడి మూసేస్తారు. సరే, కథకు వద్దాం.

వారంలో ఇంటినుంచి ఎన్ని రోజులు, ఆఫీసునుంచి ఎన్ని రోజులు పనిచేయాలో నియమావళి రాయమని ఈ ఏడాది డైరెక్టరు ఆమెకు అప్పగించాడు. రాసే ముందు, గత రెండేళ్ళ మార్కులను, ఎవరు ఎన్ని రోజులు ఆఫీసుకు వచ్చారో తెలిపే గేటు కార్డుల లెక్కతో పోల్చిచూడమని ఆమె గణాంకాల ఉద్యోగికి చెప్పింది. వారం తర్వాత అతను కాగితాలతో వచ్చి నిలబడ్డాడు.

"చెప్పనా, వద్దా మేడం?"

"చెప్పకపోతే మీకు నిద్రపట్టదుగా. చెప్పండి."

"ఒకే స్థాయి ఉద్యోగాలవాళ్ళనే పోల్చాను. పూర్తిచేసిన పని ఇంచుమించు సమానం. కానీ వారానికి నాలుగైదు రోజులు వచ్చినవాళ్ళలో నూటికి ఇరవైమందికి ప్రమోషన్ వచ్చింది. ఒకటి రెండు రోజులు వచ్చినవాళ్ళలో ఏడుగురికే."

"మన కాఫీ దొర?"

రోజూ కాఫీ యంత్రం దగ్గర అందరినీ పలకరించే ఉద్యోగికి ఆఫీసు పెట్టుకున్న పేరది.

"ఆయనకి వచ్చింది మేడం. అన్యాయంగా మాట్లాడకూడదు, కాఫీ మాత్రం బాగా కలుపుతాడు."

నవ్వబోయిన ఆమె, ఆ కిందనే ఉన్న వరుస చూసి ఆగిపోయింది. మంచంపట్టిన అత్తగారిని చూసుకోవడానికి అనుమతి తీసుకుని, వారానికి ఒక్కరోజే వచ్చే, ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే టెస్టింగ్ ఉద్యోగిని. విభాగంలో అందరికంటే ఎక్కువ లోపాలు పట్టింది ఆవిడే. ప్రమోషన్ మాత్రం ఆగిపోయింది. కారణం సమావేశపు వివరాల్లో అక్షరం పొల్లుపోకుండా ఉంది: "ఏమో, పెద్దగా కనిపించరు."

ఆమె కళ్ళు మూసుకుంది. ఇప్పుడు కూడా ఏ ముఖమూ రాలేదు.

అందరూ మూడురోజులు రావాలని, ఏ రోజులన్నది పైవాళ్ళ ఇష్టమని డైరెక్టరు అనుకున్నాడు. ఆమె రాసింది వేరు. కలిసి కూర్చోవలసిన పని ఏదో ప్రతి బృందమూ ముందు తేల్చుకోవాలి, దాన్నిబట్టే రోజులు. ఆ రోజులు పైవాళ్ళకీ వర్తిస్తాయి. మినహాయింపుకు రాసిపెట్టిన కారణాలే ఆధారం. తీసుకున్నవాళ్ళకు దానివల్ల నష్టం జరగకూడదు. సమావేశంలో ఒక్కరు దూరాన ఉన్నా, అందరూ తమతమ కంప్యూటర్ తెరల ముందునుంచే మాట్లాడాలి. కాఫీ దగ్గర తీసుకున్న నిర్ణయం కాగితంమీదికి ఎక్కేదాకా నిర్ణయం కాదు. మార్కులు వేసేవారి ముందు చేసిన పని వివరాలే ఉండాలి, హాజరు లెక్క ఉండకూడదు. హాజరును, మార్కులను ఏటా పక్కపక్కన పెట్టి తేడా వెతకాలి. గడిచిన రెండేళ్ళ మార్కులను కూడా ఒక కమిటీ మళ్ళీ పరిశీలించాలి.

చివరి నియమం దగ్గర డైరెక్టరు ఆగాడు.

"పాత రెండేళ్ళ మార్కులు తిరగదోడాలా? మొదట మీ మాటే బయటికొస్తుందమ్మా."

"తెలుసు సార్. ఆ కమిటీలో నేనుండకూడదని కూడా రాశాను. కింద చూడండి."

ఆయన కాసేపు కలం మూత తీస్తూ పెడుతూ ఉండి, సంతకం చేశాడు.

ఆ మధ్యాహ్నమే ఆమె టెస్టింగ్ ఉద్యోగినికి ఫోన్ చేసి జరిగినదంతా దాచకుండా చెప్పింది.

"ఆ ప్రమోషన్ వస్తుందని అత్తయ్యకి ముందే చెప్పేశాను మేడం. రానందుకు ఆవిడ, నావల్లేనమ్మా అని ఏడ్చింది."

"ఒకసారి వీడియో పెడతారా? మిమ్మల్ని చూడాలని ఉంది."

"ఎందుకు మేడం? ఇన్నాళ్ళూ చూడనిది నన్ను కాదుగా, నా పనిని."

ఫోన్ పెట్టేశాక ఆమె గది తలుపు వేసుకుంది. ఆవిడ రెండేళ్ళ పని వివరాలు తెరిచి, మొదటి పుటనుంచి చదవసాగింది. మార్కు వేయడానికి కాదు. ఆ హక్కు తానే వదులుకుంది. నలభైమూడో పుట దగ్గర కళ్ళు మండాయి. అయినా మూసుకోలేదు.