పైపైనే నిండిన గింజలు

ఆయన్ని ఫ్యాక్టరీలో అందరూ నిదానం అనే పిలిచేవాళ్లు. పుట్టినప్పుడు పెట్టిన పేరు జీతం కాగితాల్లో తప్ప ఎక్కడా బతికి లేదు. లిథియం సెల్స్ తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో ఆయన టెస్టు గది టెక్నీషియన్. సెల్‌ని ర్యాకులో పెట్టడం, కరెంటు లాగడం, తెర మీద వోల్టేజి గీత కిందికి దిగుతుంటే చూస్తూ కూర్చోవడం. మనిషి నోట్లో నాలుక లేదు. ఏదైనా అడిగితే ముందు ముక్కు గోక్కుని, తర్వాత కళ్లజోడు తుడుచుకుని, అప్పుడు మొదలుపెట్టేవాడు. ఆ లోపు ఆయన భార్యే జవాబు చెప్పేసేది.

ఆవిడా అక్కడే పని చేసేది. పౌడర్ ల్యాబ్‌కి పెద్ద. సెల్‌లో పాజిటివ్ రేకుకి పూసే నల్లపొడి సైజు కొలిచి, పనికొస్తుందో రాదో తేల్చేది. హోదాలో ఆయనకి రెండు మెట్లు పైన. గేటు దాటగానే ఆయన భార్యని మేడమ్ అనేవాడు. తోటివాళ్లు కిసుక్కున నవ్వేవాళ్లు. ఆయనకి అది చిన్నతనం అనిపించేది కాదు, లోలోపల గర్వంగానే ఉండేది. ఇలాంటి గర్వం ఉన్న మగాణ్ణి ముంచడం చాలా తేలిక, ఆ సంగతి ఆవిడకి తెలియకపోలేదు.

ఆ ఏడాది ఫ్యాక్టరీకి పెద్ద ఆర్డరు వచ్చింది. ప్రమాదాల్లో నుజ్జయిన కార్లని కోసి లోపలివాళ్లని బయటికి తీసే కట్టర్లకి సెల్స్ కావాలి. కట్టరంటే ఒక్కసారిగా బోలెడు కరెంటు తాగుతుంది. అందుకే ప్రతి బ్యాచ్‌లోంచీ కొన్ని సెల్స్ తీసి, నెమ్మదిగా ఒకసారి, వేగంగా ఒకసారి ఖాళీ చేసి చూడాలని రూలు. తొందర నెత్తి మీద కూర్చున్న వారం అది. ఆవిడ టెస్టు గది గుమ్మంలోంచి లోపలికి తల పెట్టింది.

"ఏవండీ, పొడి సన్నగా ఉంది. నేనే కొలిచాను. ఇంక వేగం టెస్టు దేనికి, దండగ. నెమ్మది టెస్టు చేసి పంపించెయ్యండి."

"రూలు ప్రకారం..." అని ఆయన ముక్కు గోక్కున్నాడు.

"నా మాట కంటే రూలు ఎక్కువా?"

ఎక్కువ కాదు. ఆయన సంతకం పెట్టేశాడు. నెమ్మది టెస్టులో ప్రతి సెల్లూ నిండు కెపాసిటీ చూపించింది మరి.

కొన్నాళ్లకి ఆ సెల్స్ తిరిగొచ్చాయి, కబురుతో సహా. ఎక్కడో రోడ్డు మీద ఒక డ్రైవరు కారులో ఇరుక్కుపోయాడు. కట్టరు తలుపు సగం కోసి ఆగిపోయింది. కాసేపు పక్కన పెడితే మళ్లీ తిరిగింది, మళ్లీ ఆగింది. మనిషి బతికాడు, కాలు దక్కలేదు. మేనేజరు అందరి ముందూ అన్న మాట ఒక్కటే: కారణం చెప్పండి, తప్పు ఎవరిదో చెప్పండి, వాళ్లు రేపణ్ణించి ఇక్కడ ఉండరు, ఈ పనిలో ఇంకెక్కడా ఉండరు.

నిదానం ఆ సెల్స్‌ని ర్యాకుకెక్కించాడు. నెమ్మదిగా లాగితే నిండు కెపాసిటీ. వేగంగా లాగితే మూడోవంతు కూడా ఇవ్వకుండానే చేతులెత్తేశాయి. తీగెల్లోనో అతుకుల్లోనో లోపముంటే కరెంటు లాగిన క్షణమే వోల్టేజి ఢామ్మని పడాలి. ఇక్కడ అలా కాదు, బాగానే మొదలై జారుకుంటూ జారుకుంటూ పోయింది. ఆపి వదిలేస్తే తనంతట తానే మెల్లిగా పైకి లేచింది. ఆయన కళ్లజోడు తుడుచుకున్నాడు. పొడిలో గింజ పెద్దది అనుకున్నాడు. గింజ కొలిచింది ఎవరో ఆయనకి తెలుసు.

భోజనాల వేళ భార్య ల్యాబ్‌కి వెళ్లి, మిగిలిన పొడి చిటికెడు మైక్రోస్కోపు కింద పెట్టాడు. దుమ్ములాంటి నలుసులు లెక్కలేనన్ని ఉన్నాయి. వాటి మధ్య అక్కడక్కడా బండల్లాంటి గింజలు. తర్వాత సైజు కొలిచే మిషన్ తెర చూశాడు. లెక్క ఘనపరిమాణాన్ని బట్టి ఉండాల్సింది, సంఖ్యని బట్టి ఉంది. వేరే పొడి కోసం ఆవిడే మార్చి, తిరిగి పెట్టడం మర్చిపోయింది. గోనెసంచిలో పది గుమ్మడికాయలూ గుప్పెడు ఆవాలూ పోసి, తలలు లెక్కపెట్టి, సరుకంతా ఆవగింజంత ఉందని రాసినట్టయింది. పొడిలో ఎక్కువ భాగం ఆ బండల్లోనే ఉంటే, లిథియం దూరాల్సిందీ వాటిలోకే.

భార్యని పిలిచి చూపించాడు. జీవితంలో మొదటిసారి ఆవిడ ఆయన మాట పూర్తయ్యేదాకా ఆగింది.

"ఎవరికైనా చెప్పారా?"

"నీకే."

"చెప్పకండి. నేను చూసుకుంటాను."

చూసుకుంటుందని ఆయన నమ్మాడు. పిచ్చి మారాజు, ఆ సాయంత్రం మీటింగుకి ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వెళ్లాడు.

మీటింగులో ఆవిడే ముందు లేచింది. "సార్, మళ్లీ కొలిచాం. ఈ బ్యాచ్ గింజలు పెద్దవే, మిషన్ సెట్టింగు వల్ల మొదట తెలియలేదు. కానీ పెద్ద గింజ తప్పు సరుకేం కాదు, నెమ్మదిగా వాడే చోట బాగానే పనిచేస్తుంది. దీన్ని పట్టుకోడానికే కదా వేగం టెస్టు పెట్టుకున్నాం? అది చెయ్యకుండానే ఈ సెల్స్ టెస్టు గది దాటాయి."

మేనేజరు నిదానం వైపు తిరిగాడు. "టెస్టు మానెయ్యమని ఎవరు చెప్పారు?"

ఆయన ముక్కు గోక్కున్నాడు. కళ్లజోడు తీశాడు.

"ఎవరూ చెప్పలేదు సార్," అంది ఆవిడ. "ఆయనకి ఒక్కోసారి బద్ధకం. ఇంట్లోనూ ఇంతే."

గదిలో ఎవరో నవ్వాపుకోలేకపోయారు. కాలు పోయిన మనిషి గురించి మాట్లాడుతున్న గదిలో, సిగ్గులేని నవ్వు. నిదానం కళ్లజోడు పెట్టుకుని, అవునన్నట్టు తల ఊపాడు. అంతే, ఉద్యోగం పోయింది. ఆవిడకి మందలింపుతో సరిపెట్టారు, రిపోర్టు రాసే పని కూడా ఆవిడకే అప్పగించారు.

ఆ రోజే ఇంట్లో, వంటగది బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి ఆవిడ పిలిచింది. "ఏవండీ, ఇలా రండి. కాసేపు పక్కన పెడితే మళ్లీ పనిచేసింది కదా, అది ఎందుకో చెప్పండి. నేను రాస్తే తప్పులు వస్తాయి."

ఆయన తడి చెయ్యి తుడుచుకుని వచ్చి కూర్చున్నాడు. తెలిసిన విషయం అడిగితే ఆయనకి ఇప్పటికీ సంతోషమే, అదే ఆయన ఖర్మ. చెప్పాడు. కరెంటు వేగంగా లాగినప్పుడు లిథియం ఒక్కపెట్టున గింజల మీద పడుతుంది. గింజ లోపల అది పాకుతూ మధ్యకి చేరాలి. వ్యాసార్థం రెండింతలైతే అందుకు పట్టే టైము నాలుగింతలు. అంత టైము కట్టరు ఇవ్వదు. దాంతో పైపొర నిండిపోతుంది, మధ్యంతా ఖాళీగానే ఉంటుంది. సెల్‌కి తెలిసేది పైపొరే, కాబట్టి నిండిపోయాననుకుని వోల్టేజి పడేస్తుంది. ఆపి వదిలితే పైన ఉన్నది లోపలికి పాకి, పైన మళ్లీ చోటు దొరుకుతుంది. చిన్న గింజైతే ఈ బాధ ఉండదు, మధ్య ఎంతో దూరం కాదు.

ఆవిడ టకటకా కొట్టుకుంటూ పోయింది. ఆయన కాసేపు ఆ వేళ్లనే చూశాడు.

"టెస్టు వద్దన్నది నువ్వే. గుర్తుందా?"

"ఉంది."

"నువ్వు అడ్డు రాకపోయినా నేను నీ పేరు చెప్పేవాణ్ణి కాదు."

ఆవిడ తెర మీదనుంచి చూపు తిప్పలేదు. "తెలుసండీ. మీరు చెప్పరని తెలియకపోతే, నాకంత ధైర్యం ఎక్కణ్ణించి వస్తుంది?" అంది. తర్వాత, "ఆ నాలుగింతల సంగతి ఇంకోసారి చెప్పండి, అది సరిగ్గా రాసుకోలేదు," అంది.

ఆయన ఇంకోసారి చెప్పాడు.