చివరి ర్యాంకు

థీసిస్ రాసిన ఏడాది నాకు అందరి మీదా విసుగే. శ్రీకాకుళం దగ్గర మెడికల్ కాలేజీలో పీజీ చేస్తున్నాను. పాము కరిచినవాళ్లు ఆసుపత్రికి చేరడానికి ఎంతసేపు పడుతోందన్నది నా అంశం. నేరుగా వచ్చినవాళ్లు ఒక గుంపు, ముందు నాటువైద్యుడి దగ్గర ఆగి వచ్చినవాళ్లు ఇంకో గుంపు. రెండు సగటులనూ టీ-టెస్ట్‌తో పోలుస్తానని, థీసిస్ మొదలుపెట్టకముందు ఇచ్చే సినాప్సిస్‌లో రాసిచ్చాను. మా డిపార్ట్‌మెంట్లో ఆ పేరా సీనియర్ల నుంచి జూనియర్లకు వస్తూనే ఉంటుంది, ఎవరూ చదవరు.

తీరా చూస్తే రెండు గుంపుల్లోనూ చాలామంది కొద్ది గంటల్లోనే వచ్చేశారు, కొందరు మాత్రం మర్నాటికి గాని రాలేదు. గ్రాఫు కుడివైపుకి తోకలా సాగింది. షపీరో-విల్క్ పరీక్ష కూడా ఇది టీ-టెస్ట్‌కి కావాల్సిన నార్మల్ ఆకారం, అంటే రెండువైపులా సమంగా వాలే ఆకారం, కాదనే చెప్పింది. గుంపులు చిన్నవి, ఆ కొద్దిమందే సగటును తమవైపు లాగేస్తున్నారు. అందుకని సగటుకు బదులు నడిమి విలువ, మీడియన్ ఇచ్చి, నార్మల్‌తో పనిలేని మాన్-విట్నీ పరీక్షకు మారాను.

మా గైడు సారుది విజయనగరం. కాగితాలు చూసి కళ్లజోడు తీశారు.

“ఏటమ్మా ఇది? టీ-టెస్ట్ అని రాసిచ్చి ఇప్పుడు మార్చీసినావు. అందులో తేడా రాలేదని మార్చీసినావంటాడు వైవాకొచ్చే ఎక్స్‌టర్నల్. ఆ కొసనున్న కేసులు తీసీ, గ్రాఫు సక్కబడిపోతాది.”

“అవి తప్పుడు అంకెలు కాదు సార్. కేస్‌షీట్లతో సరిచూశాను. నిజంగానే అంతసేపు పట్టింది.”

అందరికంటే చివర ఉన్నది పాతపట్నం అవతల కొండమీది ఊరి ముసలామె. జీడితోటలో పాము కరిచింది. పసరు కట్టించి, తగ్గకపోతే కర్రకు కట్టిన డోలీలో మోసుకుంటూ కొండ దించి తెచ్చేసరికి రెండో రోజు సాయంత్రమైంది. “ఏటి సేత్తాం తల్లీ, దారుంటే కదా” అన్నాడు కొడుకు. మర్నాడు ఆమె మా వార్డులోనే పోయింది. గ్రాఫు అందం కోసం ఆమెను తీసెయ్యమంటే నాకు ఒళ్లు మండింది.

సారు కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. “ముందు ఏటి సూసినావు? నార్మాలిటీయా, తేడా ఉందో లేదో సెప్పే పీ వాల్యూయా?”

“నార్మాలిటీయే సార్. ఆ తర్వాతే పోల్చాను.”

“అయితే ఆ మాటే రాయి. సంతకం పెడతాను.”

రాసి, కొట్టేసి, మళ్లీ రాశాను. మెథడ్స్‌లో చివరికి నిలిచిందిది: టీ-టెస్ట్ చేయాలని ముందు అనుకున్నాం; గుంపులను పోల్చకముందే చేసిన పరిశీలనలో విలువలు నార్మల్‌గా లేవని తేలినందున, ఏ కేసునూ తొలగించకుండా, మాన్-విట్నీ పరీక్ష వాడాం. ఇంత చిన్న మాటకి ప్రాణం విసిగిపోయింది.

వైవాలో ఎక్స్‌టర్నల్ అది చదివి, తలూపి, పేజీ తిప్పేశారు. సంతోషించాల్సింది. కానీ బస్సులో ఇంటికొస్తుంటే ఏడుపొచ్చింది. మాన్-విట్నీ అందరినీ వచ్చిన సమయాన్నిబట్టి ఒకే వరసలో నిలబెట్టి ర్యాంకులిస్తుంది, అక్కడితో దానికి గంటలతో పని తీరిపోతుంది. ముసలామెది చివరి ర్యాంకు. రెండో రోజుకి వచ్చినా, వారానికి వచ్చినా అదే ర్యాంకు. ఆమెను ఉంచడానికి అంత పోట్లాడానా, ఆ డోలీ దారి ఎంత పొడుగో మాత్రం నా పరీక్షకు అక్కర్లేకపోయింది.