పదహారు వేల బండల జాగ

తాండూరు బండలు పాలిష్ పట్టే ఆ యూనిట్లో మల్లీశ్వరి ఒకప్పుడు బండలు మోసింది. ఇప్పుడు పదిమంది పనివాళ్లకు ఆమే మేస్త్రి.

వానలు మొదలుకాగానే యజమాని రాజేందర్ వచ్చి, కారు ఎప్పటిలాగే షెడ్డు లోపల పెట్టాడు. “ఈ నాలుగు నెలలు నెలకు ఆరువేల బండలే పోతయ్. నలుగురిని ఇంటికి పంపు. తర్వాత నెలకు పన్నెండు వేలు అడుగుతరు, అప్పుడు ఆరుగురిని పిలుద్దాం.”

“పోయినేడు గట్లనే చేసినం సేటు. పోయినోళ్లు మళ్ల రాలే. కొత్తోళ్లు పలగ్గొట్టిన బండలు గోడ పక్కన గుట్టపడ్డయ్, చూడుండ్రి!” మల్లీశ్వరి గొంతు పెరిగింది. “మనిషికి నెలకు వెయ్యి బండలు. గీ పదిమందే ఏడాదంత చేస్తే నెలకు పదివేలు. వానల్ల పదహారు వేలు మిగుల్తయ్. తర్వాత నెలకు రెండువేలు తక్కువ పడితే అందులకెల్లి తీస్తం. ఎనిమిది నెలలకు సరిపోతయ్.”

“మిగిలింది చెడిపోతే?”

“బండ పప్పా, పురుగు పట్టనీకె?”

రాజేందర్ మెత్తబడ్డాడు. “సరే గానీ, పదహారు వేలు ఎక్కడ పెడతవ్?”

మల్లీశ్వరి కొంగులోంచి కొలత టేపు తీసింది. “పొద్దుగాలనే కొలిచిన. ఒక్క జాగనే తక్కువైంది.”

“ఎంత?”

“మీ కారంత. రేపటిసంది బయట పెట్టుకోండ్రి.”